72 మీటర్ల గోదాము, 56 మిల్లీమీటర్ల తేడా

ఉదయం ఏడింటికి మేస్త్రి ఫోన్ చేశాడు. "సార్, మూలల గూటాలు కొట్టి పోయినారు. నేను టేపు పట్టి చూస్తే పొడవు తక్కువొస్తాండాది. 72 ఉండాల్సింది 71.94 దగ్గర ఆగిపోతాండాది. టేపు కొత్తదే సార్."

సైటు కర్నూలు నుంచి నంద్యాల పోయే రోడ్డు వైపు. విత్తనాలు నిల్వ చేసే గోదాము కడుతున్నారు. ఇనుప ఫ్రేము ఫ్యాక్టరీలో తయారై లారీలో వస్తుంది, ఇక్కడ పునాది మీద బోల్టులకు బిగించడమే పని. కాలమ్ మధ్య నుంచి కాలమ్ మధ్యకు పొడవు 72 మీటర్లు, వెడల్పు 24. పొడవునా 8 మీటర్ల చొప్పున తొమ్మిది గదులు, అంటే పది వరుసల కాలమ్‌లు. మామూలు ఇటుక గోడ ఇల్లయితే ఆరు సెంటీమీటర్ల తేడా ప్లాస్టరింగులో ఎక్కడో కలిసిపోతుంది. ఇక్కడ బేస్ ప్లేటులో రంధ్రాలు ముందే పడి ఉంటాయి. బోల్టు రంధ్రంలో దూరాలంటే సందు రెండు మూడు మిల్లీమీటర్లే.

గూటాలు కొట్టింది నేను కాదు. అంతకు ముందు రోజు కాంట్రాక్టర్ తరఫున ఒక కుర్రాడు శాటిలైట్ సంకేతాలతో చోటు పట్టి చూపే రోవర్ తెచ్చి, డ్రాయింగులోని మూలల కోఆర్డినేట్లు ఎక్కించి, నాలుగు మూలలూ గంటలో పెట్టేసి పోయాడు. కాంట్రాక్టర్‌కు మేస్త్రి మాట కంటే రోవర్ మీదే నమ్మకం ఎక్కువ. "ఎండకు టేపు సాగి ఉంటుంది, లేదా వదులుగా పట్టి ఉంటారు" అన్నాడు. అయినా నన్ను కోణం, దూరం కొలిచే టోటల్ స్టేషన్ తీసుకొని రమ్మన్నాడు.

టేపు సంగతి దారిలోనే లెక్క వేసుకున్నాను. ఉక్కు టేపు 20 డిగ్రీల దగ్గర సరిగ్గా ఉండేలా చేస్తారు. మన ఎండల్లో 40 డిగ్రీలకు చేరితే 72 మీటర్ల మీద సుమారు 17 మిల్లీమీటర్లు సాగుతుంది. సాగిన టేపు కొలతను తక్కువే చూపిస్తుంది కాబట్టి దిశ సరిపోతుంది. కానీ 60 మిల్లీమీటర్లు చూపించాలంటే టేపు 90 డిగ్రీలు కాగాలి. మేస్త్రి కొలిచింది పొద్దు పొడిచే వేళ. కాబట్టి తప్పు టేపుది కాదు.

సైటుకు పోగానే ముందు కర్ణాలు కొలిచాను. చాలామంది ఇక్కడే మోసపోతారు. నాలుగు మూలలు పెట్టాక రెండు కర్ణాలూ సమానంగా వస్తే చాలు, మూలమట్టం కుదిరింది, ముగ్గు పోసుకోవచ్చు అనుకుంటాం. ఇక్కడ ఒక కర్ణం 75.83, రెండోది 75.84. రెండూ సమానమే అనుకోవచ్చు. కానీ 72, 24 భుజాలకు కర్ణం 75.895 రావాలి. రెండు కర్ణాలూ ఒకే లెక్కన కురచ. వెడల్పు కూడా 24కు బదులు 23.98. అంటే ఇది ఏదో ఒక మూల పక్కకు జరగడం కాదు. ఫొటోను కొంచెం చిన్నది చేసినట్టు గోదాము మొత్తం అన్ని వైపులా ఒకే నిష్పత్తిలో కుదించుకుంది. ఆకారం చెడలేదు గనుక కర్ణాల పరీక్షకు దొరకలేదు. కర్ణాలు ఒకదానితో ఒకటి సరిపోవడం కాదు, లెక్కలో వచ్చిన అంకెతో సరిపోవాలి.

స్థలం సర్వే చేసిన వాళ్లు మూడు కంట్రోల్ పాయింట్లు వేసి పోయారు. కాంక్రీటు దిమ్మెలో ఇనుప చువ్వ, దాని తల మీద గీత. మెషీన్‌లో వాటి పేర్లు CP1, CP2, CP3. టోటల్ స్టేషన్‌ను CP1 మీద నిలబెట్టి, మధ్యకు తెచ్చి, లెవెల్ చేసి, దిశ తెలియడానికి CP2 వైపు చూపు నిలిపి బ్యాక్‌సైట్ పట్టాను. మెషీన్‌లో ఎక్కించిన కోఆర్డినేట్లు ఇవి, E అంటే తూర్పుకు ఈస్టింగ్, N అంటే ఉత్తరానికి నార్తింగ్:

```
CP1  E 187512.340  N 1748903.215
CP2  E 187689.605  N 1749024.980
```

ఈ అంకెల ప్రకారం ఈ రెండింటి మధ్య దూరం 215.057 మీటర్లు. మెషీన్ కిరణాన్ని తిప్పి పంపే ప్రిజం CP2 మీద పెట్టి కొలిస్తే 214.890. తేడా 167 మిల్లీమీటర్లు!

బ్యాక్‌సైట్ పట్టగానే మెషీన్ ఈ తేడాను తెరమీద చూపిస్తుంది. చాలామంది ఆపరేటర్లు దాన్ని చూడకుండానే ఓకే నొక్కేస్తారు. బ్యాక్‌సైట్ నుంచి మెషీన్ తీసుకునేది దిశ మాత్రమే కాబట్టి దూరం తప్పినా అది పని ఆపదు. నేనూ కొత్తలో అలా నొక్కినవాడినే.

ఇంత తేడాకు కారణం ఏదైనా కావచ్చు కాబట్టి ఒక్కొక్కటే పక్కన పెట్టుకుంటూ పోవాలి. మొదటి అనుమానం ప్రిజం కాన్‌స్టంట్ మీదకు పోతుంది. ఒక ప్రిజం పెట్టి, మెషీన్‌లో వేరే ప్రిజం విలువ ఉంచితే సాధారణంగా మూడు నాలుగు సెంటీమీటర్ల తప్పు వస్తుంది. కానీ ఆ తప్పు 20 మీటర్లలోనైనా 200 మీటర్లలోనైనా ఒకేలా ఉంటుంది. రెండోది ఉష్ణోగ్రత, గాలి పీడనం. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ తప్పిస్తే కిలోమీటరుకు దాదాపు ఒక మిల్లీమీటరు. 30 డిగ్రీలు తప్పించినా 215 మీటర్ల మీద ఆరేడు మిల్లీమీటర్లు దాటదు. మూడోది, దిమ్మె కదిలి ఉండడం. అక్కడి నేల నల్లరేగడి, ఎండితే బీటలిస్తుంది, తడిస్తే ఉబ్బుతుంది. ఆ అనుమానం న్యాయమైనదే.

తేల్చుకోవడానికి CP3 కొలిచాను. అంకెల ప్రకారం CP1 నుంచి దానికి 96.412 మీటర్లు, కొలిస్తే 96.337. తేడా 75 మిల్లీమీటర్లు. ఇక్కడ చిక్కు విడిపోయింది. 167ను 215తో భాగించినా, 75ను 96.4తో భాగించినా మీటరుకు 0.78 మిల్లీమీటర్ల దగ్గరే వస్తోంది. ప్రిజం తప్పయితే రెండు చోట్లా ఒకే తేడా రావాలి. దిమ్మె కదిలి ఉంటే రెండు తేడాలకూ పొంతన ఉండకూడదు. తేడా దూరంతో పాటే పెరుగుతోందంటే అది స్కేలు, అంటే కొలమానపు నిష్పత్తిలోనే తేడా. కొత్త టేపుతో మేస్త్రి కొలిచిన పొడవులో 60 మిల్లీమీటర్ల లోటుకు కారణం కూడా ఇదే. 72ను 0.776తో గుణిస్తే 56 మిల్లీమీటర్లు. మిగతా కొద్దిపాటి తేడా రోవర్‌ది, టేపుది.

అసలు స్కేలు ఎక్కడి నుంచి వచ్చింది? సర్వే వాళ్లు ఇచ్చిన కోఆర్డినేట్లు యూటీఎంలో ఉన్నాయి. గుండ్రటి భూమిని చదును కాగితం మీద పరచడానికి ఆ పద్ధతిలో ఆరేసి డిగ్రీల వెడల్పున నిలువు పట్టీలు చేసుకుంటారు. మన సైటు పడే 44వ పట్టీ 78 డిగ్రీల తూర్పు రేఖాంశం నుంచి 84 వరకు, మధ్య రేఖ 81. పట్టీ మధ్యలో కాగితం మీది దూరం నేల మీది దూరం కంటే కాస్త తక్కువ, 0.9996 వంతు. అంచులకు పోయే కొద్దీ అది పెరిగి ఒకటిని దాటిపోతుంది. మన కర్నూలు సరిగ్గా అంచులో ఉంది. 78 డిగ్రీల గీత ఊరికి కాస్త పడమటగా పోతుంది. అంటే ఈ స్కేలు తప్పు దాదాపు గరిష్ఠంగా ఉండే చోట మనం ఇళ్లు కట్టుకుంటున్నాం.

యూటీఎంలో మధ్య రేఖకు ఈస్టింగ్ 500000 అని పెట్టుకుంటారు. సైటు ఈస్టింగ్ 187500 చుట్టూ ఉంది కాబట్టి మధ్య రేఖకు 312500 మీటర్ల దూరం. చేతి లెక్కకు ఈ సూత్రం చాలు, ఇందులో 6360000 భూమి వ్యాసార్థం మీటర్లలో:

```
x = 500000 - 187500 = 312500
k = 0.9996 * (1 + x^2 / (2 * 6360000^2))
k = 1.00081
```

నేల ఎత్తులో ఉన్నందుకు దీన్నుంచి ఇంకొంచెం తగ్గుతుంది, కిలోమీటరు పొడవుకు సుమారు మూడు సెంటీమీటర్లు. అలా తగ్గిస్తే 1.00078. నేను కొలిచిన రెండు గీతలూ చెప్పింది కూడా అదే. లెక్క ఒకటి, కొలత ఇంకొకటి, రెండూ కలిశాక ఇక అనుమానం లేదు. నా దగ్గర కొలత ఉంది కాబట్టి కొలత నుంచి వచ్చిన 1.000776నే తీసుకున్నాను.

ఇందులో విడిగా చూస్తే ఎవరి తప్పూ లేదు. సర్వే వాళ్లు యూటీఎం ఇచ్చారు, అది సరైనదే. డ్రాయింగు వేసిన వాళ్లు ఆ సర్వే మీద 72 మీటర్ల గోదామును 72 మీటర్లుగానే గీసి మూలల అంకెలు తీశారు. రోవర్ ఆ అంకెలను యూటీఎం అంకెలుగానే చదివి, కాగితం మీది 72ను నేల మీద 71.944గా దించింది. యంత్రం తన లెక్కన సరిగ్గానే చేసింది. కాగితం మీటరు, నేల మీటరు ఒకటి కావన్న మాట మధ్యలో ఎవరూ ఎవరికీ చెప్పలేదు. అంతే.

కాంట్రాక్టర్ ఇది విని, "అయితే గదికి ఆరు మిల్లీమీటర్లు సర్దుకుందాం, గూటాలు అట్లనే ఉండనీ" అన్నాడు. ఆరంటే చిన్నదిగానే వినిపిస్తుంది. కానీ కప్పు రేకులను మోసే అడ్డ ఇనుప పట్టీలు, పర్లిన్‌లు, 8 మీటర్ల కొలతకు రంధ్రాలు పడి వస్తాయి. మొదటి వరుసలో బిగించి పోతే రెండో వరుసలో ఆరు, మూడో వరుసలో పన్నెండు, చివరి వరుసకు చేరేసరికి 56. నాలుగో గదికే ఫిట్టర్ గ్యాస్ కట్టర్ తెమ్మంటాడు. ఈ మాట చెప్పాక ఒప్పుకున్నాడు.

"మరి మీ టోటల్ స్టేషన్ కూడా అవే అంకెలు వాడుతుంది గదా, అది మాత్రం 72 ఎట్లా పెడుతుంది?" అని అడిగాడు. మంచి ప్రశ్న. టోటల్ స్టేషన్ నేల మీటరునే కొలుస్తుంది. స్కేలు 1 దగ్గర ఉంచి CP1 నుంచే నాలుగు మూలలూ పెడితే గోదాము 72 మీటర్లు కచ్చితంగా వస్తుంది. ప్రమాదం వేరే చోట ఉంది. ఆ సైటులో తవ్విన మట్టి కుప్ప అడ్డం వచ్చి CP1 నుంచి ఒక మూల కనిపించదు. దాని కోసం మెషీన్‌ను CP2 మీదకు మారిస్తే, CP1 నుంచి పెట్టిన మూలలకూ CP2 నుంచి పెట్టిన మూలకూ మధ్య 167 మిల్లీమీటర్ల పొరపొచ్చం వస్తుంది. ఇప్పుడు ఆకారమే చెడుతుంది. మూడు పాయింట్లు చూసి తన చోటును తానే లెక్కగట్టుకునే ఫ్రీ స్టేషన్ పద్ధతిలో ఇంకో చిక్కు. కొన్ని మెషీన్లు ఆ లెక్కలో స్కేలును కూడా కనిపెట్టి, మనం వద్దనకపోతే దాన్నే వాడేస్తాయి. అప్పుడు టోటల్ స్టేషన్ కూడా రోవర్ లాగే 71.944 పెడుతుంది.

అందుకని నేను చేసింది, సైటు మొత్తాన్ని నేల మీటర్లలోకి మార్చేయడం. CP1ను కదలనివ్వకుండా ఉంచి, మిగతా పాయింట్లను దాని వైపు కొద్దిగా లాగాలి. దాంతో పాటు ఆ పెద్ద పెద్ద అంకెలను కూడా తీసేశాను. CP1కు 1000, 5000 అని కొత్త విలువ ఇచ్చాను. పాత అంకెలూ కొత్త అంకెలూ ఒకేలా కనిపిస్తే రేపు ఎవరో ఒకరు ఒక మూల అక్కడిది, ఒక మూల ఇక్కడిది కలిపేస్తారు. చూడగానే తేడా తెలియాలి.

```
E' = 1000 + (E - 187512.340) / 1.000776
N' = 5000 + (N - 1748903.215) / 1.000776
CP2:  1177.128   5121.671
```

గోదాము మూలలను మాత్రం అన్నిటినీ ఈ సూత్రంలో వేయకూడదు. వేస్తే మళ్లీ 71.944నే దొరుకుతుంది. ఒక్క మూలను, హద్దుకు దగ్గరగా ఉన్న P1ను మాత్రమే ఇలా మార్చాను. 1035.752, 5020.434 వచ్చింది. అక్కడి నుంచి డ్రాయింగులో ఉన్న దిశ, 60 డిగ్రీలు, పట్టుకొని 72 మీటర్లు లెక్క వేస్తే P2 1098.106, 5056.434. మిగతా రెండూ అలాగే, లంబంగా 24 మీటర్లు. ఇలా చేస్తే హద్దు నుంచి వదలాల్సిన జాగా P1 దగ్గర సరిగ్గా ఉంటుంది, గోదాము కొలతలూ కచ్చితంగా ఉంటాయి. సూత్రం వేయకుండా P1ను పాత అంకెలతోనే పెట్టి ఉంటే మూడు సెంటీమీటర్లు జరిగేది. CP1 నుంచి దూరంగా ఉన్న P3 అయితే తొమ్మిది.

కొత్త అంకెలు ఎక్కించి CP2కు మళ్లీ బ్యాక్‌సైట్ పట్టాను. దూరంలో తేడా సున్నా. అందులో గొప్పేమీ లేదు, ఆ గీత నుంచే కదా స్కేలు తీసింది. అసలు పరీక్ష CP3. అది 2 మిల్లీమీటర్ల లోపు వచ్చింది. అప్పుడు గూటాలకు దిగాం.

మెషీన్‌లో పాయింటు పిలవగానే dHA అని కోణం తేడా చూపిస్తుంది. అది సున్నా అయ్యేదాకా తిప్పి, బిగించి, ప్రిజం పట్టిన కుర్రాడిని ఆ గీత మీదకు తెస్తాం. తర్వాత dHD, దూరం తేడా. ప్లస్సంటే ముందుకా వెనక్కా అన్నది మెషీన్‌ను బట్టి మారుతుంది, కొత్త మెషీన్ పట్టినప్పుడు మొదటి గూటం దగ్గరే తేల్చుకోవాలి. ముందు పొడవు కర్రకు ప్రిజం పెట్టి రెండు మూడు సెంటీమీటర్ల లోపుకు చేరాం. అక్కడ గూటం దిగ్గొట్టించి, అప్పుడు చిన్న ప్రిజం తీసుకొని గూటం తల మీద పది సెంటీమీటర్ల ఎత్తులోనే పట్టించాను. దీనికో కారణం ఉంది. ఒకటిన్నర మీటరు కర్ర అర డిగ్రీ వాలినా కింద 13 మిల్లీమీటర్లు తప్పుతుంది. కర్ర మీది బుడగ ఎప్పుడు సరిచూశారో ఎవరికి తెలుసు? అదే వాలు పది సెంటీమీటర్ల ఎత్తులో ఒక్క మిల్లీమీటరు కూడా కాదు.

గూటం తల మీద పెన్సిల్‌తో గీత, దాని మీద మేకు, మేకు కొట్టాక మళ్లీ ఒక కొలత. మేకు దిగేటప్పుడు చెక్క నార వెంట పక్కకు జారుతుంది. P4 దగ్గర అలాగే నాలుగు మిల్లీమీటర్లు జారింది, పీకి మళ్లీ కొట్టాం. మట్టి కుప్ప వెనకున్న P3 కోసం మెషీన్‌ను CP2కు మార్చాను. అక్కడి నుంచి మొదట చూసింది P3ను కాదు, CP1 నుంచి అప్పటికే పెట్టిన P2ను. 3 మిల్లీమీటర్ల తేడాతో దొరికింది. పాత అంకెలతో అయితే ఇక్కడే 167 బయటపడేది.

చివరికి మెషీన్‌ను P1 మీద నిలబెట్టి కొలిస్తే పొడవు 71.999, కర్ణం 75.897. రెండో కర్ణం P2 నుంచి 75.893. మేస్త్రి మాత్రం తన టేపుతో ఇంకోసారి కొలిచాడు. అప్పటికి ఎండ బాగా ముదిరింది, టేపు 71.98 చూపించింది. "మళ్లీ తక్కువే గదా సార్" అన్నాడు. ఈసారి అది టేపు సాగడమే. నీడన కాసేపు పెట్టమంటే నవ్వి, సాయంత్రం చూస్తానన్నాడు.

ఈ గూటాలు జేసీబీ దిగిన మొదటి గంటలోనే పోతాయి. కాబట్టి ప్రతి మూల నుంచి రెండు దిక్కులా గోడ గీత పొడిగించి మూడు మీటర్ల అవతల ఇంకో గూటం కొట్టించాను, మొత్తం ఎనిమిది. వాటిని చెక్కతో కాకుండా 12 మిల్లీమీటర్ల చువ్వ ముక్కలు దింపి చుట్టూ కాంక్రీటు పోయించాను. నల్లరేగడిలో చెక్క గూటం వానకు ఒక్కసారి తడిస్తే ఎటు కదులుతుందో చెప్పలేం. పునాది గుంతలు తవ్వాక దారం కట్టి మూలను మళ్లీ తెచ్చుకునేది వీటి నుంచే.

ఇదే 72 మీటర్ల గోదాము వేరే ఊళ్లో అయితే ఎంత తేడా వచ్చేదో ఊరికే లెక్క వేసి చూశాను. అనంతపురం 43వ పట్టీలో పడుతుంది, దాని మధ్య రేఖ 75. అక్కడ 38 మిల్లీమీటర్ల దాకా కురచ. కడపలో 20. విజయవాడ 44వ పట్టీ మధ్య రేఖకు దగ్గర కాబట్టి అక్కడ ఎదురుగా, దాదాపు 28 మిల్లీమీటర్లు పొడవు ఎక్కువ. విజయవాడలో చేసి వచ్చిన కుర్రాళ్లు "మాకెప్పుడూ తక్కువ రాలేదే" అనడంలో అబద్ధం లేదు. పది పన్నెండు మీటర్ల ఇంటికైతే కర్నూలులో కూడా ఇది తొమ్మిది మిల్లీమీటర్లే. దాని కోసం ఇంత తంటా నేనూ పడను, CP1 నుంచే పెట్టేసి వచ్చేస్తాను.

పది రోజుల తర్వాత ప్రహరీ గోడ పని తీసుకున్న వ్యక్తి ఫోన్ చేశాడు. ఆయనదీ రోవరే. నా కొత్త అంకెలు ఎక్కించుకుంటే పాయింటు ఎక్కడో వెయ్యి కిలోమీటర్లకు పైగా అవతల చూపిస్తోందట. డ్రాయింగు కింద ఎర్ర పెన్నుతో నేను రాసిన రెండో వరుస చదవమన్నాను. అందులో హద్దు రాళ్లకు యూటీఎం అంకెలే ఉన్నాయి, గోడకు అవి వాడుకోవచ్చు, గోదాము కాలమ్‌లను మాత్రం రోవర్‌తో ముట్టుకోవద్దు అని రాసి పెట్టాను.